ఆరు మూతలు, ఆరు అంకెలు: ఇన్వర్టర్ బ్యాటరీ గ్రావిటీ చూసుకోవడం ఎలా

తిరుపతిలో మే నెల కరెంటు కోతల్లో నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇదే: "బ్యాకప్ పడిపోయింది, బ్యాటరీ మార్చాలా?" చాలామంది అప్పటికే ఎవరితోనో మీటరు పెట్టించి ఉంటారు. పన్నెండు వోల్టుల పైన చూపిస్తోంది కాబట్టి బ్యాటరీ బాగున్నట్టే అనుకుంటారు. బ్యాటరీలో ఒక్కో మూత కింద ఒక్కో సెల్లు, అంటే ఒక విడి గది ఉంటుంది. మీటరు ఆరు సెల్లుల మొత్తాన్ని కలిపి ఒక్క అంకెగా చెబుతుంది. ఆరుగురు అన్నదమ్ముల్లో ఒకడికి జ్వరమొస్తే ఇంటి మొత్తం మీద అది ఎక్కడ తెలుస్తుంది? ఎవడికి జ్వరమో తెలియాలంటే ఒక్కొక్కడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూడాలి. బ్యాటరీకి ఆ పని చేసేది హైడ్రోమీటరు.

ఇక్కడ చెప్పేది నీళ్లు పోసే బ్యాటరీల గురించి మాత్రమే. అంటే మెట్ల కింద పెట్టుకునే పొడుగాటి ట్యూబులర్ ఇన్వర్టర్ బ్యాటరీ, ట్రాక్టరు బ్యాటరీ, పాత లారీ బ్యాటరీ లాంటివి. పైన ఆరు మూతలుంటే మీ బ్యాటరీ ఆ జాతిదే. మూతలు లేని సీల్డ్ బ్యాటరీలో ఈ పరీక్ష కుదరదు. కొన్ని కారు బ్యాటరీల మీద ఆకుపచ్చగా మెరిసే చిన్న కన్ను ఉంటుంది. అది కూడా ఒక బుల్లి హైడ్రోమీటరే. కానీ ఆరింటిలో ఒక్క సెల్లును మాత్రమే చూస్తుంది కాబట్టి మిగతా అయిదింటి సంగతి దానికి తెలియదు.

గ్రావిటీ అంటే

బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్, నీళ్లు కలిసిన ద్రవం. యాసిడ్ నీళ్లకంటే బాగా బరువు. బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు ఆ యాసిడ్‌లోని సల్ఫేటు సీసం ప్లేట్లకు పట్టుకుంటుంది, ద్రవంలో నీళ్లు పెరుగుతాయి. అందుకే ద్రవం తేలికవుతుంది. ఛార్జ్ పెడితే సల్ఫేటు ప్లేట్లను వదిలి తిరిగి ద్రవంలోకి వస్తుంది, ద్రవం మళ్లీ బరువెక్కుతుంది. మంచినీళ్ల బరువును 1.000 అనుకుంటే ఈ ద్రవం దానికి ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకెనే గ్రావిటీ అంటాం. మన దేశంలో అమ్మే ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీల్లో ఫుల్ ఛార్జ్ గ్రావిటీ ఎక్కువగా 1.240 దగ్గర ఉంటుంది. ఆ అంకెను షాపుల్లో "పన్నెండు నలభై" అంటారు. మూడో దశాంశ స్థానంలో ఒకటి తేడా వస్తే ఒక పాయింటు. అంటే 1.240 కీ 1.230 కీ మధ్య పది పాయింట్లు.

మీ బ్యాటరీకి అసలు అంకె ఎంతో దాని మీదున్న లేబుల్లోనో వారంటీ కార్డులోనో చూడండి. చల్లని దేశాల కోసం రాసిన పట్టికల్లో ఫుల్ ఛార్జ్ 1.265 అనో 1.280 అనో ఉంటుంది. వాటిని నమ్మితే మన బ్యాటరీ ఎప్పటికీ ఫుల్ ఛార్జ్ కానట్టే కనిపిస్తుంది. వేడి ప్రాంతాల్లో యాసిడ్ ప్లేట్లను త్వరగా తినేయకుండా ఉండడానికే మనవాటిలో దాన్ని కొంచెం పలుచగా పోస్తారు. హైడ్రోమీటరు లోపలి ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ పట్టీలకూ ఇదే తిప్పలు. చాలా వాటిలో 1.250 దాటితే గాని ఆకుపచ్చ రాదు. అందుకని రంగును వదిలేసి అంకెను చదవండి.

ముందు రోజు చేయాల్సింది

ఈ పరీక్షలో సగం తప్పులు హైడ్రోమీటరు చేతిలోకి రాకముందే జరిగిపోతాయి. నీళ్లు పోసిన వెంటనే చదవడం అందులో మొదటిది. పోసిన డిస్టిల్డ్ వాటర్ తేలిక కాబట్టి పైనే నిలబడుతుంది. మీరు పీల్చేది పైనున్న ద్రవమే కాబట్టి గ్రావిటీ అన్యాయంగా తక్కువ చూపిస్తుంది. ఈ రెండూ కలవాలంటే బ్యాటరీ ఛార్జ్ చివరి దశకు వచ్చి బుడగలు రావాలి. ఆ బుడగలే గరిటెలా కలుపుతాయి.

నీళ్లు మరీ తగ్గిపోయినప్పుడు చదవడం దీనికి ఉల్టా తప్పు. నీళ్లు ఆవిరైపోతాయి, యాసిడ్ మిగిలిపోతుంది. సాంబారు మరిగే కొద్దీ ఉప్పు తేలినట్టు, గ్రావిటీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి బ్యాటరీ బాగున్నట్టు మోసం చేస్తుంది.

కాబట్టి ముందు రోజు మూతలు తీసి లెవెల్ చూడండి. ఎక్కడైనా ప్లేట్లు బయటికి కనిపిస్తే అవి మునిగేంత వరకు మాత్రమే డిస్టిల్డ్ వాటర్ పోయండి. గీత దాకా నింపొద్దు. ఛార్జ్ అయ్యేటప్పుడు ద్రవం పొంగుతుంది, నిండా పోస్తే బయటికి కారిపోతుంది. అలా కారినప్పుడు నీళ్లొక్కటే పోవు, యాసిడ్ కూడా పోతుంది. పూర్తిగా ఛార్జ్ అయ్యాక గీత దాకా నింపుకోవచ్చు. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు ఏవీ పోయకండి.

ఆ రాత్రంతా ఇన్వర్టర్‌ని మెయిన్స్ మీద ఉంచి ఛార్జ్ కానివ్వండి. పొద్దున ఇన్వర్టర్ స్విచ్ ఆపి, గోడ ప్లగ్గు కూడా తీసేసి మూడు నాలుగు గంటలు కదిలించకుండా వదిలేయండి. బుడగలు బయటికి పోయి ద్రవం నిమ్మళిస్తుంది.

చేతిలో ఏముండాలి

గాజు గొట్టం, పైన రబ్బరు బల్బు, లోపల తేలే చిన్న బుడ్డి, కింద సన్నని రబ్బరు మూతి. ఇదే బ్యాటరీ హైడ్రోమీటరు, బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. ప్లాస్టిక్ రంగు గుండ్లు తేలే రకం కూడా అమ్ముతారు కానీ అది అంకె చెప్పదు, కొనొద్దు. బుడ్డి లోపలి కాగితం స్కేలు జారి ఉండొచ్చు. కొత్తగా కొన్నప్పుడు షాపువాళ్ల దానితో ఒకే సెల్లులో రెండూ పెట్టి పోల్చుకోండి. అయిదు పాయింట్ల తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు, ఇరవై ఉంటే వేరేది అడగండి.

దాంతోపాటు గాజు థర్మామీటరు ఒకటి, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, పాత బట్టలు. బట్టల గురించి ఎందుకంటున్నానంటే, యాసిడ్ చుక్క పడ్డ చొక్కా ఆ రోజు బాగానే ఉంటుంది, ఉతికాక చిల్లులు కనిపిస్తాయి. పక్కన ఒక బకెట్ నీళ్లు, గుప్పెడు వంట సోడా పెట్టుకోండి. నేల మీద పడితే సోడా చల్లండి, బుసబుసమని పొంగి చల్లారుతుంది. కంట్లో పడితే మాత్రం సోడా వాడొద్దు. ఉత్త నీళ్లతో పావుగంట ఆపకుండా కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మూతలు తీసినప్పుడు హైడ్రోజన్ వాయువు ఉంటుంది కాబట్టి ఆ దగ్గర్లో దీపం, అగరొత్తి, బీడీ ఏవీ వద్దు. మెట్ల కింద బ్యాటరీ, దాని పైన గూట్లో దేవుడి పటం ఉన్న ఇళ్లు నేను తక్కువేం చూడలేదు.

చదవడం

ఎరుపు కేబుల్ ఉన్న ప్లస్ టెర్మినల్ వైపున్న మూతను ఒకటో నంబరుగా పెట్టుకుని వరసగా ఆరు దాకా లెక్కించండి. ప్రతిసారీ ఇదే వరస ఉండాలి, లేకపోతే ఈ నెల రీడింగును వచ్చే నెల దానితో పోల్చలేం. ట్యూబులర్ బ్యాటరీల్లో మూతకే వాటర్ లెవెల్ చూపించే పుల్ల ఉంటుంది. మొత్తం పైకి లాగి తీసి, ప్లాస్టిక్ పళ్లెంలో పెట్టండి.

బల్బు నొక్కి పట్టుకుని మూతిని సెల్లులోకి దించండి. మెల్లగా వదిలితే ద్రవం పైకి వస్తుంది. మొదటి రెండుసార్లు చదవకుండా అదే సెల్లులోకి వదిలేయండి. గొట్టంలోని పాత చుక్కలు పోతాయి, గాజు కూడా ఆ వేడికి వస్తుంది. మూడోసారి బుడ్డి ఏ గోడకూ తగలకుండా, పైకీ కిందికీ తట్టకుండా మధ్యలో స్వేచ్ఛగా తేలేంత ద్రవం తీయండి. గొట్టాన్ని నిట్టనిలువుగా పట్టుకుని వేలితో ఒకసారి తట్టండి. బుడ్డికి అంటుకున్న గాలి బుడగలు దాన్ని పైకి లేపి గ్రావిటీ ఎక్కువ చూపిస్తాయి, తడితే ఊడిపోతాయి. ఇప్పుడు కంటిని ద్రవం మట్టానికి తెచ్చి చదవండి. ద్రవం గాజు అంచులకు కొంచెం పైకి పాకినట్టు కనిపిస్తుంది. ఆ పాకిన అంచును వదిలేసి మధ్యలోని చదును మట్టం తాకే గీతనే తీసుకోవాలి.

చదివిన ద్రవాన్ని తప్పకుండా అదే సెల్లులోకి వదలండి. ఒకటో సెల్లుది రెండో దానిలో పోస్తే మీ చేతులతో మీరే తేడా సృష్టించినవాళ్లు అవుతారు. ఆ ద్రవం రంగు కూడా గమనించండి. నీళ్లలా తేటగా ఉండాలి. గోధుమ రంగు బురదలా ఉంటే ప్లేట్ల మీది పదార్థం రాలిపోతోందన్నమాట. అది ఒక్క సెల్లులో ఉన్నా సరే అంకె పక్కన రాసుకోండి.

ఆరూ అయ్యాక మధ్య సెల్లు ఒకదానిలో థర్మామీటరు ముంచి వేడి రాయండి. ఈ అడుగు చాలామంది వదిలేస్తారు. వేడికి ద్రవం వ్యాకోచించి తేలికవుతుంది, చలికి చిక్కబడుతుంది. మన దేశంలో లెక్క 27 డిగ్రీలకు కడతారు. అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి డిగ్రీకి 0.0007 కలపాలి, తక్కువ ఉన్న ప్రతి డిగ్రీకి అంతే తీసేయాలి. పది డిగ్రీలకు ఏడు పాయింట్లు అని గుర్తుంచుకుంటే చాలు.

```
సరిచేసిన గ్రావిటీ = చదివినది + 0.0007 × (వేడి − 27)
```

ఇది చిల్లర లెక్క అనుకోకండి. మే నెలలో తిరుపతిలో మధ్యాహ్నం బ్యాటరీ 38 డిగ్రీలున్నప్పుడు 1.220 చదివితే అది నిజానికి 1.228. డిసెంబరు తెల్లవారుజామున మదనపల్లెలో 15 డిగ్రీల చలిలో అదే 1.220 చదివితే నిజం 1.212. గీత అదే అయినా పదహారు పాయింట్ల తేడా.

తిరుచానూరు రోడ్డులో ఒక బ్యాటరీ

ఈ అంకెలతో ఏం తేల్చాలో ఒక ఉదాహరణతో చెబితేనే అర్థమవుతుంది. తిరుచానూరు రోడ్డు పక్క సందులో ఒక ఇల్లు. మూడేళ్ల నాటి 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. ముందు మూడు గంటలు వచ్చే బ్యాకప్ ఇప్పుడు గంటన్నరకే కూర్చుంటోంది. అప్పటికే ఒకరు వచ్చి మీటరు పెట్టి, "వోల్టేజీ ఉంది, ఇన్వర్టరే పాడైంది" అని చెప్పి వెళ్లారట. నేను మూతలు తీసి చదివితే, 38 డిగ్రీల వేడిలో ఇలా వచ్చింది:

1.215, 1.220, 1.210, 1.155, 1.215, 1.220.

వేడికి ఎనిమిది పాయింట్లు కలిపితే 1.223, 1.228, 1.218, 1.163, 1.223, 1.228.

నాలుగోది కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఇక్కడ మీటరు ఎలా మోసపోయిందో లెక్క కట్టి చూడండి. ఏ సెల్లుకైనా గ్రావిటీకి 0.84 కలిపితే, లోడు లేకుండా నిలకడగా ఉన్నప్పుడు ఆ సెల్లు వోల్టేజీ దాదాపు వచ్చేస్తుంది. ఈ ఆరు గ్రావిటీల మొత్తం 7.283. దానికి ఆరుసార్లు 0.84, అంటే 5.04 కలిపితే 12.32 వోల్టులు. నా మీటరులో కూడా 12.3 చూపించింది. అయిదు మంచి సెల్లులు ఒక నీరసపు సెల్లును కప్పేశాయి. లోడు పడ్డప్పుడు మాత్రం ముందు ఖాళీ అయ్యేది ఆ నాలుగోదే. అది కూర్చుంటే ఇన్వర్టర్ మొత్తం బ్యాటరీ అయిపోయిందనుకుని ఆపేస్తుంది.

సెల్లుల మధ్య తేడా ముప్ఫై పాయింట్ల లోపు ఉంటే నేను కంగారుపడను, ఒకసారి గట్టిగా ఛార్జ్ పెట్టి మళ్లీ చూస్తాను. యాభై దాటితే ఆ సెల్లులో ఏదో ఉందని అర్థం. ఇక్కడ అరవై అయిదు. "ఇంక కొత్తది కొనాల్సిందేనా నాయనా?" అని ఇంటి పెద్దావిడ అడిగింది. నేను అవునని చెప్పేవాణ్ణే, ఆ వెంటనే ఆమె ఇంకో మాట అనకపోయుంటే.

"నిన్ననే నీళ్లు పోసినాం, అయినా తేడా లేదు."

నీళ్లు పోశాక బ్యాటరీ ఫుల్ ఛార్జ్ అయ్యి బుడగలు రాలేదంటే నా రీడింగు చెల్లదు. ఎక్కువ నీళ్లు తాగిన సెల్లులో పైభాగం పలుచగా ఉంటుంది. నేను ముందే అడగాల్సింది, అడగలేదు. కాబట్టి ఆ రోజు తీర్పు చెప్పకుండా, ఇన్వర్టర్‌ని లోడు లేకుండా ఆ సాయంత్రం నుంచి మర్నాటి మధ్యాహ్నం దాకా ఛార్జ్ మీద ఉంచమని చెప్పి వచ్చేశాను.

ఛార్జ్ పూర్తయిందని ఎలా తెలుస్తుంది? ఇన్వర్టర్ దీపం ఆకుపచ్చగా మారడాన్ని నమ్మొద్దు. గంటకోసారి చదివి, వరసగా మూడుసార్లు వేడి సరిచేసిన గ్రావిటీ కదలకుండా ఉంటే పూర్తయినట్టు. మర్నాడు 41 డిగ్రీల వేడి, అంటే పది పాయింట్లు కలపాలి. సరిచేశాక అయిదు సెల్లులూ 1.240 కి వచ్చాయి. నాలుగోది 1.190 దగ్గర ఆగిపోయింది. గంట తర్వాతా అంతే, ఇంకో గంటకూ అంతే. తేడా అరవై అయిదు నుంచి యాభైకి తగ్గింది. ఆ పదిహేను పాయింట్లు పైన తేలిన నీళ్లవి. మిగతా యాభై నిజం.

తక్కువ అంకెకు రెండు కారణాలు

చాలామంది షాపువాళ్లు ఇక్కడితో ఆగి, "సెల్లు పోయింది" అనేస్తారు. నిజంగా పోయి ఉండొచ్చు కూడా. లోపల ప్లేట్ల మధ్య చిన్న షార్ట్ ఉంటే ఆ సెల్లు ఛార్జ్‌ని నిలబెట్టుకోలేదు. కానీ ప్లేట్లు శుభ్రంగా ఉండి, యాసిడ్ మాత్రమే కారిపోయినా ఇదే అంకె వస్తుంది. హైడ్రోమీటరు కొలిచేది యాసిడ్‌ని, ప్లేట్లను కాదు. రెండూ వేరు చేయడానికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

మొదట బ్యాటరీ పైభాగం చూశాను. నాలుగో మూత చుట్టూ తడి జిడ్డు, పెట్టె పక్కన తెల్లగా కారిన చార, కింద టైలు మీద మచ్చ. మిగతా అయిదు మూతల దగ్గర పొడిగా ఉంది. నాలుగో మూత పుల్లను చేత్తో కదిలిస్తే ఇరుక్కుపోయింది, ఎన్ని నీళ్లు పోసినా పైకి లేవట్లేదు. దాన్ని చూసి "ఇంకా తక్కువే ఉంది" అనుకుని పోస్తూ వచ్చారు. పోసినప్పుడల్లా ఛార్జ్‌లో పొంగి కారింది, కారినప్పుడల్లా యాసిడ్ పోయింది, దాని చోటులో మళ్లీ నీళ్లే పోశారు. అలా దాదాపు ఐదో వంతు యాసిడ్ పోయి ఉంటుంది.

అనుమానం బలంగానే ఉంది కానీ రుజువు కావాలి. ఫుల్ ఛార్జ్ అయిన బ్యాటరీ కేబుళ్లు రెండూ ఊడదీసి (ముందు నలుపు, తర్వాత ఎరుపు), దాని బదులు నా దగ్గరున్న పాత బ్యాటరీ ఒకటి తగిలించి, అయిదు రోజులు పక్కన పెట్టాను. లోపల షార్ట్ ఉన్న సెల్లు ఊరికే కూర్చున్నా తనలో తానే ఖాళీ అవుతూ ఉంటుంది, తేడా రోజురోజుకూ పెరుగుతుంది. యాసిడ్ మాత్రమే తగ్గిన సెల్లు అన్నదమ్ములతో పాటే దిగుతుంది, తేడా మారదు. అయిదో రోజు చదివి సరిచేస్తే మంచి సెల్లులు 1.235, నాలుగోది 1.185. అన్నీ అయిదేసి పాయింట్లు దిగాయి, తేడా అదే యాభై. ప్లేట్లు బాగున్నాయి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. పూతలపట్టు దగ్గర ఒక ట్రాక్టరు బ్యాటరీ ఇదే పరీక్షకు వచ్చింది. మూతలన్నీ పొడిగా ఉన్నాయి. ఛార్జ్ అయిన రోజు ఒక సెల్లు 1.180 చూపించింది. ఛార్జ్‌లో పక్క సెల్లులు బుడగలు కక్కుతుంటే అది చడీచప్పుడు లేకుండా, చేయి పెడితే కొంచెం వేడిగా ఉంది. నాలుగు రోజులకే అది 1.120 కి పడిపోయింది, మిగతావి నాలుగైదు పాయింట్లు కూడా దిగలేదు. దానికి చేసేదేమీ లేదు. పాత సీసం ధరకు ఇచ్చేసి కొత్తది కొనుక్కోమన్నాను.

ఆరూ ఒకేలా తక్కువుంటే

ఒక్క సెల్లు కాకుండా ఆరూ కలిసి 1.180 దగ్గర ఉంటే భయపడక్కర్లేదు. 1.240 బ్యాటరీకి అది సుమారుగా సగం ఛార్జ్. ముందు ఫుల్ ఛార్జ్ పెట్టి చూడండి. 1.240 కి వస్తే బ్యాటరీ మంచిదే, దానికి తిండి చాలట్లేదు. రోజూ కోతలు ఎక్కువై ఛార్జ్ కావడానికి టైం దొరక్కపోవడమో, ఇన్వర్టర్ ఛార్జింగ్ కరెంటు తక్కువగా పెట్టి ఉండడమో కారణం.

ఎంతసేపు పెట్టినా ఆరూ 1.200 దాటకపోతే, పైగా ఛార్జ్ పెట్టిన కొద్దిసేపటికే ఇన్వర్టర్ "ఫుల్" అనేస్తుంటే, సల్ఫేటు ప్లేట్ల మీద గట్టి పొరగా పేరుకుందన్నమాట. సగం ఛార్జ్‌తో నెలల తరబడి వదిలేసిన బ్యాటరీలకు వచ్చే జబ్బు ఇది. తక్కువ కరెంటుతో రెండు మూడు రోజుల పాటు ఛార్జ్ పెడితే కొంత కరగవచ్చు. పొర పాతదైతే కరగదు.

ఈ రెండు సందర్భాల్లోనూ ఒక సలహా వినబడుతుంది, ముఖ్యంగా లారీ షెడ్ల దగ్గర: "కొంచెం యాసిడ్ పోస్తే గ్రావిటీ ఎక్కుతుంది." ఎక్కుతుంది, నిజమే. హైడ్రోమీటరు సంతోషిస్తుంది. కానీ అసలు యాసిడ్ ఎక్కడికీ పోలేదు, సల్ఫేటుగా ప్లేట్ల మీదే ఉంది. పైనుంచి ఇంకా పోస్తే, రేపు ఛార్జ్ అయ్యాక గ్రావిటీ హద్దు దాటి ప్లేట్లను తినేస్తుంది. జ్వరం కొలిచే థర్మామీటరును చల్లనీళ్లలో ముంచి జ్వరం తగ్గిందనడం లాంటి వైద్యం అది.

తిరుచానూరు రోడ్డు బ్యాటరీకి మాత్రం యాసిడే మందు, ఎందుకంటే అక్కడ యాసిడ్ నిజంగానే కారిపోయింది. అయినా దాన్ని ఇంట్లో చేయలేదు. షాపుకు తెచ్చి, ఫుల్ ఛార్జ్ అయిందని మూడు రీడింగులతో మళ్లీ ఖాయం చేసుకున్నాకే మొదలుపెట్టాను. నాలుగో సెల్లులోంచి కొంత ద్రవం హైడ్రోమీటరుతోనే తీసి, అంతే కొలతలో చిక్కటి యాసిడ్ కొద్దికొద్దిగా పోసి, గంట ఛార్జ్ పెట్టి, చదివి, మళ్లీ కొంచెం పోశాను. ఒక్కసారే పోస్తే 1.240 దాటిపోతుంది, దాటాక వెనక్కి తేవడం ఇంకో పని. మూడో విడతకు 1.235 వచ్చింది. అక్కడే ఆపేశాను. పుల్ల ఇరుక్కున్న మూత తీసేసి కొత్త మూత పెట్టాను.

బ్యాటరీని ఇంట్లో బిగించాక ఒక కాగితం మీద తేదీ, వేడి, ఆరు అంకెలు రాసి, పైన పాలిథిన్ కవరు పెట్టి గోడకు అంటించాను. బ్యాటరీ పెట్టెకే అంటిస్తే నెల తిరక్కుండా యాసిడ్ ఆవిరికి కాగితం పొడైపోతుంది. మూడు నెలల తర్వాత వెళ్లినప్పుడు ఆ కాగితం మీద ఇంకో రెండు వరసలు చేరి ఉన్నాయి. ఇంటర్ చదివే మనవడు హైడ్రోమీటరు కొనుక్కుని తనే చదివాడట. నాలుగో సెల్లు మిగతావాటికి అయిదారు పాయింట్ల లోపే ఉంది. రెండో వరసలో వేడి రాయడం మర్చిపోయాడు. దాంతో ఆ నెల అంకెలు మిగతావాటితో పోల్చడానికి పనికిరాకుండా పోయాయి.